సున్నాకు లొంగని గీత

ఫిజిక్స్ ల్యాబులో, ఏ బరువుకు స్ప్రింగు ఎంత సాగిందో చూపే గ్రాఫు మీద చుక్కలన్నీ బుద్ధిగా ఒకే వరుసలో నిలిచాయి. వాటిని కలిపిన గీత మాత్రం సున్నా గుండా పోకుండా, రెండు సెంటీమీటర్లు పైన మొదలైంది. అంటే బరువేమీ వేయకుండానే స్ప్రింగు సాగిందన్నమాట! గ్రాఫు గీసిన కళ్లజోడు అమ్మాయికి ఒళ్లు మండింది.

"ఓసి పిచ్చిదానా, అన్ని రీడింగుల్లోంచీ రెండేసి సెంటీమీటర్లు తీసెయ్. పీడా వదిలిపోతుంది," అంది కలిసి ప్రయోగం చేసిన స్నేహితురాలు. తన రికార్డులో అప్పటికే ఆ పని కానిచ్చేసింది.

"కళ్లారా చూసినదాన్ని చూడలేదని ఎలా రాయనే?"

కోపంగానే స్కేలు పెట్టి గీతను వెనక్కి పొడిగించింది. అది సున్నాకు ఎడమవైపు, సరిగ్గా యాభై గ్రాముల దగ్గర బరువుల అక్షాన్ని తాకింది. యాభై ఎక్కడిది? ఆమె చూపు బరువులు పేర్చే కొక్కెం మీద పడింది. మొదటి రీడింగు, అంటే స్ప్రింగు అసలు పొడవు, దాన్ని తగిలించకముందే తీశారు. ఆ తర్వాత లెక్కేసింది పైన పేర్చిన బిళ్లలనే! పరుగున వెళ్లి కొక్కేన్ని త్రాసులో పెట్టింది. నలభై తొమ్మిదిన్నర గ్రాములు.

రికార్డులోని దోషాల చర్చలో ఏదీ దాచకుండా రాసింది. కొక్కెం బరువు మరిచాం, అందుకే గీత మొత్తం పైకి జరిగింది. వాలు మాత్రం మారలేదు కాబట్టి స్ప్రింగు స్థిరాంకం సరైనదే.

లెక్చరర్ చదివి సంతకం పెట్టారు. "తప్పును కూడా తూచావే!" అన్నారు. తర్వాత స్నేహితురాలి రికార్డు తెరిచారు.

"ఇద్దరిదీ ఒకే స్ప్రింగు కదమ్మా? మరి నీ కొక్కేనికి బరువు లేదా?"

ఆ పిల్ల నాలుక కరుచుకుని, కొత్త గ్రాఫు కాగితం తీసి, పెన్సిలు చెక్కుకుంది.