ఇవ్వకూడని సంచి

మధ్యాహ్నానికే బ్లడ్ బ్యాంక్ డాక్టరమ్మకి ఓపిక అడుగంటింది. పొద్దుటినుంచీ అడగొచ్చిన ప్రతి డాక్టరుకీ గోడమీది పట్టీ చూపిస్తూ అదే పాఠం: మెడ నరంలో గొట్టానికి రక్తం ఆపే ప్లేట్‌లెట్లు కనీసం ఇరవై వేలు, నడుములో సూదికి యాభై వేలు, మెదడు ఆపరేషన్‌కి లక్ష. అంతకు తగ్గితే పొడిచినచోట రక్తం ఆగదేమోనని ప్లేట్‌లెట్ల సంచి ఎక్కిస్తారు. సరిపడా ఉంటే ఎక్కించడం దండగ. పట్టీ రాసింది ఆవిడే. అందులో అంకెలే రాసింది, కారణాలు రాయలేదు.

ఐసీయూ డ్యూటీ డాక్టరు చీటీతో పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్, పదకొండు వేలే ఉన్నాయి. కిడ్నీలు మొరాయిస్తున్నాయి, మెడలో డయాలిసిస్ గొట్టం వేయాలి. పేషెంటు మరిది రెండు గంటలు ప్లేట్‌లెట్లు తీసే మెషీన్ పక్కన పడుకుని సంచి ఇచ్చాడు కూడా."

"అసలెందుకు పడిపోయాయి?"

"జ్వరం కదండీ. పొంతన లేకుండా మాట్లాడుతోంది."

"పట్టీ చూసి వచ్చేశావన్నమాట! రక్తం స్లైడు తీసుకురా బాబూ."

విసుక్కుంటూనే మైక్రోస్కోప్ ముందు కూర్చుంది. ఎర్రకణాలు ముక్కలుముక్కలై ఉన్నాయి. రక్తం గడ్డకట్టే పరీక్షలేమో మామూలుగానే వచ్చాయి. ఆవిడ విసుగు ఎగిరిపోయి భయం పట్టుకుంది.

"సన్న రక్తనాళాల నిండా గడ్డలు కడుతున్నాయి. ప్లేట్‌లెట్లన్నీ అక్కడే ఖర్చవుతున్నాయి. ఇంకా పోస్తే ఆ గడ్డలకే మేత. ఈమెకి కావాల్సింది ప్లాస్మా మార్పిడి, రక్తంలోని ద్రవం తీసేసి దాతలది ఎక్కించడం, అదీ ఇవాళే. దానికీ ఆ గొట్టమే దారి. సంచి ఎక్కించకుండానే గొట్టం వేయండి. మీ పెద్ద డాక్టర్ని పిలువు, అల్ట్రాసౌండ్ చూస్తూ ఒక్క పోటుతో వేస్తాడు."

తలుపు దగ్గర నిలబడ్డ పేషెంటు భర్త అంతా విన్నాడు.

"మా తమ్ముడి రక్తం పనికిరాదా డాక్టరమ్మా? పదకొండు వేలతో మెడలో పొడుస్తారా? కారిపోతే?"

"కారొచ్చు. గట్టిగా నొక్కి ఆపుతాం. లోపల గడ్డ మెదడుకి పోతే ఏం చేయలేమయ్యా."

"మీకెలా తెలుసు?"

డాక్టరమ్మ మైక్రోస్కోప్ ముందునుంచి లేచి అతని దగ్గరికొచ్చింది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"ఎనిమిదేళ్ల కిందట ఇలాంటి ఆవిడకే అంకె చూసి సంచి పంపాను. సాయంత్రానికి పోయింది. సంచివల్లే పోయిందని రుజువు లేదు. కాదని ఈరోజుకీ నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను."

డ్యూటీ డాక్టరు అంగీకార పత్రం ముందుకు చాపాడు. భర్త దాన్ని లాక్కుని సంతకం పెట్టాడు.

గొట్టం వేశాక రక్తం కారింది. నర్సు పావుగంట నొక్కిపట్టింది. ఆగింది. ప్లాస్మా మార్చే మెషీన్ మొదలైంది.

డాక్టరమ్మ తిరిగొచ్చేసరికి మరిది, మోచేతికి దూది నొక్కుకుని, ఇంకా బల్లమీదే కూర్చున్నాడు.

"నా సంచి పారేస్తారా అండీ?"

"పారేయడమేంటి నాన్నా! పై వార్డులో బ్లడ్ క్యాన్సర్ పాపకి ప్లేట్‌లెట్లు ఆరు వేలే ఉన్నాయి. ఆ పిల్లకి అసలు తయారవడమే లేదు. అక్కడికి పోతుంది."

"మరి వదినకి నేనేమీ చేయనట్టేనా?"

డాక్టరమ్మ అతని పక్కనే కూలబడింది. "ఇవాళ ఆమెకి మనం చేసిన మేలు ఆ సంచి ఇవ్వకపోవడమే," అంది.