మాటలేని కార్డు

ముంబయి ఎగ్జిబిషన్ మూడో రోజు మధ్యాహ్నానికి జిగీషాబెన్ ఫోనులోకి నలభై నాలుగు విజిటింగ్ కార్డుల ఫొటోలు వచ్చిపడ్డాయి. పంపినవాడు రతిలాల్‌భాయ్. రాజ్‌కోట్ పక్కన శాపర్‌లో గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీకి యజమాని. పంతొమ్మిదేళ్లుగా ఆ ఆఫీసు పనులన్నీ చూస్తున్నది జిగీషాబెన్.

ఫొటోతోపాటు రతిలాల్‌భాయ్ గొంతు రికార్డయి వస్తే పని తేలిక. "వీళ్లకి కేటలాగు పంపండి", "వీడు ఊరికే వచ్చాడు, పేరు రాసిపెట్టుకోండి" అని చెప్పేవాడు. మాట లేకుండా వచ్చిన కార్డులతోనే చిక్కు. కిందటేడు అలా వచ్చిన ఒక కార్డు మీది నంబరుకి ఆమె "మిమ్మల్ని కలవడం సంతోషం" అని సందేశం పెట్టింది. అతను పోటీ కంపెనీ మనిషని తేలి, రతిలాల్‌భాయ్ రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ఇంకోసారి భయపడి నంబరు మాత్రం దాచి ఊరుకుంది. ఆ పార్టీ మన దగ్గర్నుంచి కబురు లేదని వేరే వాళ్ల దగ్గరికి పోయింది. అప్పుడూ తిట్లే. అందుకని తనకు తానే ఒక పద్ధతి పెట్టుకుంది. మాట లేకపోతే ముందు నంబరు దాచాలి, తర్వాత అడగాలి. దాచిన పేరును ఎప్పుడైనా చెరిపేయొచ్చు. వెళ్లిన సందేశాన్ని అవతలివాడు చదివేశాక చెరిపినా ఒకటే, చెరపకపోయినా ఒకటే.

మూడున్నరకి నలభై అయిదో కార్డు వచ్చింది. పుణెలోని ట్రాక్టర్ విడిభాగాల కంపెనీ. కె. జె. డోడియా, డిప్యూటీ మేనేజర్, సరఫరాదారుల విభాగం. ఫొటో కాస్త వంకరగా ఉంది. మాట లేదు. ఒక్క నిమిషం ఆగి చూసింది. ఆయన గొంతు రాలేదు.

అలాంటి కంపెనీ మనిషి మన స్టాలుకి రావడమంటే చిన్న సంగతి కాదు. ఆమె వెంటనే సందేశం తయారుచేసింది. నమస్కారం, మా స్టాలుకి వచ్చినందుకు ధన్యవాదాలు, మా ఫ్యాక్టరీ వివరాలు జతచేస్తున్నాము, వగైరా. ఉదయం నుంచి అవే వాక్యాలు ముప్పైసార్లు రాసింది కాబట్టి చేతులు వాటంతట అవే కదిలాయి. పంపబోయి ఆగి, రతిలాల్‌భాయ్‌కి "దాచుకోనా, మెసేజి పెట్టనా?" అని రాసింది. ఒక్క టిక్కు పడి ఆగిపోయింది. ఫోను చేస్తే స్విచాఫ్. సాయంత్రం రైలుకి బయల్దేరతానన్నాడు, ఛార్జింగు అయిపోయి ఉంటుంది.

అప్పటికామెకు కళ్లు మండుతున్నాయి. టీ కప్పులో మీగడ కట్టింది. పద్ధతి ప్రకారం నంబరైనా దాచుదామని కార్డు మీది అంకెలు ఆఫీసు ఫోనులో కొట్టడం మొదలుపెట్టింది. చివరి అంకె పడగానే కింద ఒక పేరు వచ్చింది. "కిరీట్, ఇన్‌స్పెక్షన్". ఆ నంబరు ముందే ఉంది. పేరు పెట్టింది కూడా తనే.

కిరీట్ డోడియా ఈ ఫ్యాక్టరీలోనే పదకొండేళ్లు గేర్లు కొలిచి చూసేవాడు. ఆరేళ్ల కిందట, గేర్లకి ఆర్డరిచ్చిన నాసిక్ పార్టీ డ్రాయింగు మార్చింది. కొత్త డ్రాయింగు అందక ఫ్యాక్టరీలో పాత కొలతలతో నాలుగు వందల గేర్లు కోశారు. సరుకంతా తిరిగొచ్చింది. చూసుకోలేదని అందరి ముందూ కిరీట్‌ని నిలబెట్టి, ఆ సాయంత్రమే ఉద్యోగం తీసేసి ఇంటికి పంపేశారు. కానీ కొత్త డ్రాయింగు మెయిల్లో వచ్చింది రతిలాల్‌భాయ్ తమ్ముడు మన్సుఖ్‌భాయ్‌కి. ఆయన తెరవలేదు. ఆ మెయిల్ నకలు జిగీషాబెన్‌కి కూడా వచ్చింది. ఆ సంగతి ఆమె ఆ రోజు చెప్పలేదు. ఇద్దరు పిల్లలూ కాలేజీలో ఉన్నారు, భర్త షాపు అప్పుడే మూతపడింది. చెప్పడానికి రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజుకి చెప్పే వేళ దాటిపోయినట్టు అనిపించింది.

తయారుచేసిన సందేశాన్ని మళ్లీ చదివింది. మా ఫ్యాక్టరీ వివరాలు జతచేస్తున్నాము. ఆ మనిషికి ఈ ఫ్యాక్టరీ వివరాలు. వాక్యాలన్నీ చెరిపేసింది. పాత పేరు మార్చి "కిరీట్‌భాయ్ డోడియా, పుణె" అని దాచింది. ఆ ఒక్క కార్డుతోనే ఆ రోజు అలసటంతా మీద పడ్డట్టయి, మిగిలినవి వదిలేసి ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు పదకొండింటికి రతిలాల్‌భాయ్ ఆఫీసుకి వచ్చాడు. రైల్లో నిద్ర లేనట్టుంది, గడ్డం కూడా గీసుకోలేదు. కుర్చీలో కూలబడి కార్డుల సంగతి అడిగాడు. ఆమె చూసినవన్నీ చెప్పి, చివర ఆ కార్డు దగ్గర ఆగింది.

"డోడియా కార్డుకి మెసేజి పెట్టారా?"

"లేదు. నంబరు దాచానంతే. మీరేమీ చెప్పలేదుగా."

"ఏం చెప్పమంటారు బెన్?" అన్నాడాయన. "స్టాలుకి వచ్చాడు. రెండు చేతులతో కార్డిచ్చాడు. అందరూ బాగున్నారా రతిభాయ్ అన్నాడు. టీ తాగమంటే ఇప్పుడే తాగానన్నాడు. వెళ్లిపోయాడు. ఏం చెయ్యాలో తెలీక ఫొటో తీసి మీకు పంపేశాను."

అప్పుడామె, నాసిక్ మెయిల్ నకలు తనకీ వచ్చిందనీ, తను చెప్పలేదనీ చెప్పింది. ఇన్నేళ్లలో మొదటిసారి చెప్పింది.

"నాకు తెలుసు," అన్నాడు రతిలాల్‌భాయ్. "వారం తిరక్కుండా మన్సుఖ్ ఒప్పుకున్నాడు. తమ్ముడు కదా అని నోరు మూసుకున్నాను. ఇప్పుడు మీరే ఏదైనా మంచిగా రాసిపెట్టండి. ఆఫీసు తరఫున."

"ఆఫీసు తరఫున రాయడానికి ఇది కేటలాగు కాదు రతిభాయ్. నంబరు మీకు పంపుతాను. మీరు మాట్లాడండి."

ఆయనకి కోపం వస్తుందనుకుంది. రాలేదు. నంబరు అందగానే లేచి బయట కారులో కూర్చున్నాడు. పావుగంటకి తిరిగొచ్చాడు. ఏమయిందో ఆయనే చెప్పాడు. కిరీట్ ఎత్తాడు, మర్యాదగానే మాట్లాడాడు, పుణెలో వానలు ఎలా ఉన్నాయో చెప్పాడు, తను కూడా రాజ్‌కోట్ వానల గురించి చెప్పాడు. అసలు మాట నోటిదాకా వచ్చి ఆగిపోయిందట. మళ్లీ చేస్తానని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. మళ్లీ చేస్తాడో లేదో ఆయనకే తెలిసినట్టు లేదు.

మధ్యాహ్నం డబ్బాలో అన్నం తిన్నాక జిగీషాబెన్ ఆఫీసు ఫోను పక్కన పెట్టి తన సొంత ఫోను తీసింది. పొడుగ్గా రాసి చెరిపింది. ఇంకోసారి రాసింది. చివరికి రెండు ముక్కలు మిగిలాయి. "కిరీట్‌భాయ్, ఆ రోజు డ్రాయింగు మెయిల్ నేను చూశాను. చెప్పలేదు. జిగీషా." పంపేసింది. ఫోను బోర్లించి పెట్టింది.

గంటన్నర దాకా ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది.

"తెలుసు బెన్. మెయిల్ నకలు ఎవరెవరికి వెళ్లిందో నాసిక్ వాళ్లు తర్వాత నాకు చూపించారు. మీ పిల్లలు చదువుకుంటున్నారని అప్పుడు అనుకున్నాను. కోపం లేదని చెప్పను. రాశారు, మంచిదయింది."

ఆమె అది మూడుసార్లు చదివింది. కొంగుతో కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది. ఇంకా పద్నాలుగు కార్డులు చూడాలి. మొదటి కార్డు మీద పేరు చిన్న అక్షరాల్లో ఉంది. ఫొటోని పెద్దది చేసి చదవడం మొదలుపెట్టింది.