చక్‌లో వెల్డింగ్ చేయను

హేమలత క్లాసులో అందరూ డిప్లొమా ప్రాజెక్టును పట్నంలో రెడీమేడ్‌గా కొనుక్కొచ్చి, పెయింటు ఆరకముందే దాని మీద తమ పేర్లు అంటించుకున్నారు. సిగ్గూ శరమూ లేదు. హేమలత మాత్రం కొననంటే కొననని మొండికేసింది. ఎమ్మిగనూరులో వాళ్లమ్మ సరస్వతమ్మ ఇరవై ఏళ్లుగా చేత్తో రాట్నం తిప్పి మగ్గానికి నూలు కండెలు చుట్టీ చుట్టీ, ఇప్పుడు కుడి చెయ్యి భుజం దాకా కూడా ఎత్తలేకపోతోంది. కాలితో తొక్కితే కండె చుట్టే యంత్రం చేయాలి. తానే చేయాలి. కాలేజీలో ఇనుమును తిప్పి చెక్కే లేత్ ఏడాదిగా మూలపడి ఉంది. అందుకే ఆదోనిలో ఖాసిం సాబ్ వర్క్‌షాపుకు ఉత్తరం పట్టుకుపోయింది. పనివేళలయ్యాక, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, నాలుగు రోజులు లేత్, వెల్డింగ్ సెట్ వాడుకోనివ్వమని అందులో అడిగింది.

లేత్, వెల్డింగ్ అన్న మాటలు రెండూ ఒకే వరుసలో కనబడగానే ఖాసిం సాబ్ ఉత్తరం మడిచి తిరిగిచ్చేశాడు. పోయినేడు ఇలాగే వచ్చిన కాలేజీ కుర్రాళ్లు రాడ్డును లేత్‌లో దాన్ని పట్టి తిప్పే చక్‌లో బిగించి, అక్కడే వెల్డింగ్ కొట్టారట. కరెంటు లేత్ బేరింగుల గుండా పారి, అవి గరగరలాడి పాడైపోయాయట. అప్పటినుంచి చదువుకున్నవాళ్లంటేనే ఆయనకు ఒళ్లు మంట.

హేమలతకూ ఒళ్లు మండింది. ఎవరో చేసిన పాపం తన నెత్తిన రుద్దితే ఊరుకునే రకం కాదు. కాగితం వెనక్కి తిప్పి, ఆయన బల్ల మీదే పెట్టి, నిలబడే రాసింది. చక్‌లో ఉన్నదానికి వెల్డింగ్ చేయను. విప్పి, లేత్‌కు దూరంగా నేల మీద పెట్టి, ఎర్త్ క్లాంపు ఆ ఇనుముకే తగిలిస్తాను. చక్ బిగించే తాళం చక్‌లో వదలను. జడ ముడేసుకుంటాను, చున్నీ తీసి పెడతాను. వీటిలో ఒక్కటి తప్పినా నన్ను బయటికి పంపండి.

ఖాసిం సాబ్ రెండుసార్లు చదివి మెత్తబడ్డాడు. మెత్తబడి ఇంకో చిక్కు తెచ్చిపెట్టాడు.

"ఇంత కష్టం ఎందుకు పాపా? నీ యంత్రం ఇరుసు నేనే లేత్ మీద తిప్పిస్తా. ఊరికేనే. అరగంట పని."

ప్రాజెక్టు చూపించడానికి వారమే ఉంది. సరేనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, అబద్ధమెందుకు.

"వద్దు సాబ్. మీతో చేయించుకుంటే అదీ కొన్నట్టే. లేత్ ఇస్తే ఇయ్యండి, లేకుంటే పోతా."

ఆయన ముఖం కందగడ్డ అయింది. ఉపకారం చేస్తానంటే కాదన్న మనిషిని ఆయన ఇంతవరకూ చూడలేదు. అయినా, తాను పక్కనే కూర్చునేట్టయితే రమ్మన్నాడు.

ఆ సాయంత్రమే ఇరుసు కోసం పదహారు మిల్లీమీటర్ల రాడ్డు బిగించి, బేరింగు కూర్చునే చోట పన్నెండుకు దించబోయి, ఆత్రంలో కాస్త ఎక్కువ కోసేసింది. బేరింగు వదులుగా జారింది. ఖాసిం సాబ్ స్టూలు మీంచి లేచి, దాని మీద వెల్డింగ్ పోసి మళ్లీ తిప్పుకోవచ్చని చెబుతూ చెయ్యి చాపాడు. హేమలత కళ్లలో నీళ్లు తిరిగాయి. మోటారు ఆపి, రాడ్డు విప్పి తుక్కులో పడేసింది.

"చెయ్యి పెట్టద్దండి సాబ్. ఇంకో రాడ్డు ఉంది."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రెండోసారి ఆమె తొందరపడలేదు. పొరపొరకూ ఆపి కొలుచుకుంది. బేరింగు రెండు దెబ్బలకు బిగుసుకు కూర్చుంది. ఖాసిం సాబ్ దాన్ని వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. గరగర లేదు.

"మీ సార్లు నమ్మకుంటే నన్ను పిలువు పాపా. నేను చెయ్యి పెట్టలేదని ఆడికొచ్చి సెప్తా."