వాడిపోయిన పేరు

ముఖానికి రాసుకునే క్రీముకి పేరు పెట్టడం ఇంత తలనొప్పి అవుతుందని పెద్దకోడలు కలలో కూడా అనుకోలేదు. మామగారి కంపెనీలో విదేశాల అమ్మకాలు చూసేది ఆమే. మూడు కొత్త దేశాల్లో ఒకేసారి క్రీము దింపాలని మామగారు పట్టుబట్టారు. పేర్లు పెట్టే పని మరిదిది. ఆ పేరు బయటి భాషల్లో ఏమవుతుందో కనుక్కునే పని ఈమెది. అంటే, అందరూ మురిసిపోయాక నీళ్లు చల్లే పని.

మరిది మొదట తెచ్చిన పేరు 'మోకో'. స్పానిష్‌లో అది ముక్కు చీమిడి. తర్వాత తెచ్చింది 'కిరా'. టర్కీ భాషలో అది అద్దె.

"ముఖానికి అద్దె క్రీమా?" అని ఆమె నవ్వితే మరిది మూతి ముడుచుకున్నాడు.

మూడోసారి 'లాయు' వచ్చింది. ఇంటిల్లిపాదికీ నచ్చేసింది. అత్తగారైతే ఫోన్లో చుట్టాలందరికీ చెప్పేసింది. మరిది ఎవరికీ చెప్పకుండా ట్యూబు మీద బొమ్మ కూడా గీయించేశాడు.

ఆమె మాత్రం ఎప్పటిలాగే ఆ పేరుని భాషల పరిశీలన చేసే సంస్థకి పంపింది. వాళ్లు నిఘంటువు తిరగేసి ఊరుకోరు. ఆయా దేశాల్లో ఉంటున్న మనుషులకి, వస్తువేమిటో చెప్పకుండా ముందు పేరు వినిపిస్తారు. ఏం గుర్తొచ్చిందో అడుగుతారు. ఆ తర్వాతే ఫలానా వస్తువని చెప్పి, మళ్లీ అడుగుతారు.

జవాబులు రాగానే ఆమె ప్రాణం ఉసూరుమంది. టర్కీ వాళ్లు, స్పానిష్ మాట్లాడేవాళ్లు ఏ ఇబ్బందీ లేదన్నారు. ఇండోనేషియా వాళ్లు ముగ్గురికి ముగ్గురూ ఒకే మాట అన్నారు: 'లాయు' అంటే వాడిపోయిన అని.

నమూనాల గదిలో క్రీము డబ్బాలు పక్కకి జరిపి మామగారి ముందే ఆ సంగతి చెప్పేసరికి మరిది ఒంటికాలి మీద లేచాడు.

"నేను ఫోన్లో అనువాదం చూశాను వదినా! లాయు అని కొడితే లాయు అనే వచ్చింది. అర్థమే లేదు!"

"ఏ భాష నుంచి అని పెట్టావు?"

"ఇంగ్లీషు నుంచి."

"ఇంగ్లీషులో ఆ మాట లేదు కాబట్టి పేరనుకుని అలాగే వదిలేసింది. ఇండోనేషియా నుంచని పెట్టి చూడు."

చూశాడు. ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"లాయరు సరేనన్నాడుగా మరి?"

"ఆ పేరు ఇప్పటికే ఇంకెవరైనా వాడుతున్నారా అని చూస్తాడాయన. వింటే జనం నవ్వుతారా లేదా అన్నది ఆయన పని కాదు."

మామగారు కళ్లజోడు తుడుచుకుంటూ, "బూతేం కాదుగా అమ్మాయ్? వాడిపోవడమేగా?" అన్నారు.

"బూతయితే ఒక పూట నవ్వుకుని మర్చిపోతారేమో మామయ్యా. పూలు వాడితే అనే మాట, అలిసిపోయిన ముఖానికీ అంటారట. మనం అమ్మేది ముఖం కళకళలాడాలని!"

"ఇంగ్లీషు స్పెల్లింగు మారుద్దాం. ఇంకో 'ఎ' తగిలిద్దాం" అన్నాడు మరిది.

ఆమె పళ్లు నూరుకుంది. "కొట్లో అడిగేవాళ్లు అక్షరాలు చదివి అడుగుతారా? నోటితోనేగా అడిగేది!"

"అసలు నువ్వు వెతికావు కాబట్టే దొరికింది" అన్నాడతను.

ఇక మాటలు దండగనిపించి, ఆమె సంస్థవాళ్లు పంపిన రికార్డింగు పెట్టింది. ఒక ఆడమనిషి ఆ పేరు విని ఏదో అంది. ఇది ముఖానికి క్రీమని చెప్పగానే, ఆపుకోలేనంతగా నవ్వింది. భాష తెలియకపోయినా ఆ నవ్వు ముగ్గురికీ అర్థమైంది. మామగారు రెండోసారి పెట్టమని విన్నారు.

"ఆ ఒక్క దేశానికి వేరే పేరు పెడితే?" అన్నారు చివరికి.

"పెట్టొచ్చు. కానీ అప్పుడు ట్యూబులు వేరు, ప్రకటనలు వేరు. అన్నిచోట్లా ఒకటే పేరుండాలన్నది మీరే."

ఆయన గట్టిగా నిట్టూర్చి, "అయితే తీసెయ్" అన్నారు.

అత్తగారు ఆ పూట పెద్దకోడలితో మాట్లాడలేదు. చుట్టాలకి మళ్లీ ఫోన్లు చేయాల్సి వచ్చిందని ఆవిడ బాధ. తప్పు పేరుదా తనదా అని పెద్దకోడలికే విసుగొచ్చింది. మర్నాడు మరిది గదికి వెళ్లి నిలబడింది.

"ఇకనుంచి ఒక్కో పేరు తేవద్దు. ఆరు పేర్లు ఒకేసారి ఇవ్వు. అన్నిటినీ పంపుతాను. జవాబులు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు, బొమ్మలు గీయించొద్దు. ముచ్చటపడటం తర్వాత."

అతను గొణిగాడు గానీ ఇచ్చాడు. సంస్థ నుంచి జవాబులు వచ్చేసరికి వాటిలో నాలుగు పోయాయి. ఒకటి లాయరు దగ్గర పోయింది. మిగిలింది 'ఓర్నెల్'. ఏ భాషలోనూ ఎవరికీ ఏమీ గుర్తుకు రాలేదట.

"చప్పగా ఉంది" అన్నాడు మరిది.

"ఉండనీ" అందామె. ఇండోనేషియాకి మొదటి పెట్టెలు వెళ్లిన రోజు అతనే అందరికీ మిఠాయి పంచుతూ, ఈ పేరు తనకి మొదటినుంచీ ఇష్టమేనని చెప్పుకున్నాడు. ఆమె ఒక ముక్క తీసుకుని, తన గదిలోకి వెళ్లి తలుపు కాస్త గట్టిగానే వేసుకుంది.