తొమ్మిదో వరుసలో తడి

పడకగదిలో మంచం పక్కనున్న గోడకు, నేల నుంచి జానెడు ఎత్తు దాకా రంగు పొంగి పెచ్చులుగా రాలుతోంది. మంచంలో ఆ వైపు నా భార్య పడుకునేది. ఆమె పోయి పదహారు నెలలైంది. గోడకు అవతల స్నానాలగది.

ఇల్లు మా చేతికిచ్చిన రోజు నుంచి ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం ఏది బయటపడినా, మేం రాతపూర్వకంగా తెలిపిన ముప్పై రోజుల్లో బిల్డరు సొంత ఖర్చుతో బాగుచేయాలని మా ఒప్పందంలో ఉంది. ఆ ఐదేళ్ళు నిండడానికి ఇక పందొమ్మిది రోజులు. నేను రెండుసార్లు ఫోను చేశాను. రెండుసార్లూ "చూస్తామండీ" అన్నారు. మూడోసారి చేస్తే ఇంజనీరు కుర్రాడూ, వెనకాల పెద్ద మేస్త్రీ వచ్చారు.

కుర్రాడు పడకగది గోడ తట్టి చూశాడు. తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి, షవరు పక్కన గోడకున్న స్టీలు కడ్డీ దగ్గర ఆగాడు.

"ఇదెప్పుడు పెట్టించారు అంకుల్?"

"రెండేళ్ళు దాటింది. మా ఆవిడకి ఒంట్లో బాగాలేనప్పుడు, పట్టుకోవడానికి."

"ఇంకేం మరి. డ్రిల్లు వేశారుగా, ఆ కన్నాల్లోంచి నీళ్ళు దిగుతున్నాయి. ఓనరు చేయించిన మార్పు వల్ల వచ్చింది మా బాధ్యత కిందికి రాదండీ."

"ఇప్పుడేం చెయ్యమంటావు బాబూ?"

"కడ్డీ తీయించేసి కన్నాలు పూడ్పించండి. ఓ నెల చూడండి. అప్పటికీ తడి ఉంటే కంప్లయింటు పెట్టండి."

"నెలకి గడువు అయిపోతుంది కదా."

అతను తన బూట్లకేసి చూసుకున్నాడు. "అది ఆఫీసులో చూసుకుంటారండీ."

మేస్త్రి గుమ్మం దగ్గరే గొంతుక్కూర్చుని ఉన్నాడు. "నీళ్ళకి నోరుంటే బావుణ్ణు సార్, ఎటునుంచి వచ్చానో అదే చెప్పేది" అన్నాడు. కుర్రాడు అతనికేసి ఒక చూపు చూశాడు.

వాళ్ళు వెళ్ళాక స్క్రూడ్రైవరు తీసుకుని కడ్డీ ముందు నిలబడ్డాను. చివరి రోజుల్లో ఆమె ఎవర్నీ లోపలికి రానిచ్చేది కాదు. నేను తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. మధ్యమధ్య ఆమె ఉంగరంతో కడ్డీ మీద రెండుసార్లు కొట్టేది. బాగానే ఉన్నానని దానర్థం. ఆ చప్పుడు విని పేపరులో మరో పేజీ తిప్పేవాణ్ణి. ఇప్పుడు కూడా స్నానాలగదిలో ఏదైనా చిన్న చప్పుడైతే, రెండోదాని కోసం నా చెవి ఎదురుచూస్తుంది.

ఒక్క మర కూడా తిప్పలేకపోయాను. స్క్రూడ్రైవరు సొరుగులో పడేసి, కనీసం ఒక ఉత్తరమైనా రాద్దామని ఇంటి కాగితాల ఫైలు తీశాను. ఫైలు ఆమెది. "నోటి మాట నీటి మూట" అంటూ చీటీముక్క కూడా పారేసేది కాదు.

ఒప్పందం కాగితాల కింద, ఇల్లు తీసుకున్న రెండు నెలలకు ఆమె బిల్డరుకిచ్చిన లోపాల జాబితా ఉంది. మొత్తం పదకొండు వరుసలు. ఒక్కొక్క పని చేయించాక వాళ్ళ మనిషి పక్కన "పూర్తి" అని రాశాడు, ఆమె సంతకం పెట్టింది. తొమ్మిదో వరుసలో "పడకగది గోడ అడుగున, స్నానాలగది వైపు, రంగు పొంగింది" అని ఉంది. పక్కన వాళ్ళ "పూర్తి" ఉంది కానీ ఆమె సంతకం లేదు. కింద గుండ్రటి అక్షరాల్లో ఇలా రాసింది: "రంగు వేశారు. తడి చూడలేదు." ఆ కింద తేదీ, ముట్టినట్టు ఆఫీసువాళ్ళ ముద్ర.

ఆ రోజు గుర్తొచ్చింది. నేనే విసుక్కున్నాను. "పాపం వాడు ఎండలో నిలబడ్డాడు, ఆ సంతకమేదో పెట్టెయ్యి. ప్రతిదానికీ ఈకలు పీకుతావు" అన్నాను. ఆమె వాడికి మంచినీళ్ళిచ్చింది. సంతకం మాత్రం పెట్టలేదు.

మర్నాడు ఉత్తరం రాశాను. ఇల్లు చేతికిచ్చిన తేదీ, లోపం ఎక్కడుంది, ఎప్పుడు మొదట తెలిపాం, కడ్డీ ఎప్పుడు బిగించాం, అన్నీ రాసి జాబితా నకలూ ఫొటోలూ జతచేశాను. మా ఎదుటే నీళ్ళు నిలబెట్టి పరీక్ష చేయమని అడిగాను. ఆఫీసుకు వెళ్ళి ఇచ్చి, నా ప్రతి మీద ముట్టినట్టు ముద్ర వేయించుకున్నాను. అదే ఉత్తరం మెయిల్లోనూ పంపాను. గడువుకు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ఆ గడువు లోపల తెలిపితే చాలు, పని ఆ తర్వాత పూర్తయినా హక్కు పోదని ముద్ర వేసిన అమ్మాయే మెల్లగా చెప్పింది. అడగకుండా అంత మాట చెప్పినందుకు ఆమెకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

నాలుగో రోజు కుర్రాడూ మేస్త్రీ మళ్ళీ వచ్చారు. కుర్రాడు తొమ్మిదో వరుస రెండుసార్లు చదివాడు.

"మేడమ్ గట్టివారేనండీ."

"నాకు తెలిసినదానికంటే గట్టిది."

పైపుల్లోంచి కారుతోందన్న అనుమానం రాకుండా మేస్త్రి స్నానాలగది వాల్వు కట్టేశాడు. నేల మీద నీళ్ళు పోయే జాలీని గుడ్డతో బిగించి, బకెట్లతో రెండంగుళాల నీళ్ళు నింపాడు. కుర్రాడు పడకగది గోడ మీద తడి అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి, తేదీ వేసి, ఫొటో తీశాడు. స్నానాలగదిలోకి ఎవరూ వెళ్ళకుండా నేను దాని తలుపు మూశాను. మూసిన తలుపు బయట కుర్చీ ఉంది. అలవాటుగా కూర్చున్నాను.

మర్నాడు అదే వేళకు వాళ్ళు వచ్చి చూస్తే, తడి పెన్సిలు గీత దాటి నాలుగువేళ్ళు పాకింది.

మేస్త్రి స్నానాలగదిలో చూపుడువేలు నీళ్ళలో ముంచాడు. "నీళ్ళు చీలమండ కూడా దాటలేదు బాబూ. కడ్డీ నడుమెత్తున ఉంది. ఎగిరి దూకాయంటావా?"

కుర్రాడికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "నేలా గోడా కలిసే చోట నీళ్ళు దిగకుండా వేసే పూత సరిగ్గా ఎక్కలేదు" అని తన కాగితం మీద రాసుకుని, "మాదేనండీ" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి ఆ వయసులో ఎంత కష్టమో నాకు తెలుసు.

"కడ్డీ తియ్యాలా?" అని అడిగాను.

"పూత గోడ మీదికి అడుగెత్తు లేస్తే చాలు సార్. ఆ పైకి నాకేం పని?" అన్నాడు మేస్త్రి.

పని పదకొండు రోజులు పట్టింది. నేల పలకలు, గోడ కింది వరుస పలకలు తీసేశారు. మూలలు గుండ్రంగా సిమెంటుతో నింపి, పూత రెండుసార్లు వేసి, ఆరనిచ్చి, ఈసారి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టారు. తడి అంచున కొత్తగా గీసిన గీత దాటి ఏమీ పాకలేదు. ఆ తర్వాతే కొత్త పలకలు పరిచారు. ఆమె అడుగులు పడ్డ నేల సంచుల్లో కిందికి దిగిపోతుంటే, ఒక ముక్క అడిగి తీసుకుందామనుకుని ఊరుకున్నాను. కడ్డీకి మేస్త్రి పని మొదలైన రోజే ఒక పాత లుంగీ గుడ్డ చుట్టి దారంతో కట్టాడు, సిమెంటు పడకుండా. నేను చెప్పలేదు.

చివరి రోజు కుర్రాడు పని పూర్తయినట్టు ఫారం తెచ్చాడు. ఈ మరమ్మతుకు ఇవాళ్టి నుంచి ఏడాది పూచీ అని కంపెనీ తరఫున రాసిచ్చాడు. సంతకం పెట్టి, ఫైల్లోంచి పాత జాబితా తీశాను.

"దాని మీద అక్కర్లేదండీ, మా ఫారం చాలు."

"నాకు కావాలి బాబూ."

పడకగది గోడ అరచేత్తో తాకి చూశాను. పొడిగా ఉంది. ఆమె రాసిన "తడి చూడలేదు" పక్కన కొంచెం జాగా మిగిలింది. అందులో "ఇప్పుడు చూశారు" అని రాసి, ఆమె పెట్టని చోట నా సంతకం పెట్టాను.

వాళ్ళు వెళ్ళాక కడ్డీ గుడ్డ విప్పాను. నా ఉంగరంతో ఒకసారి కొట్టాను. ఇంకోసారి కొట్టబోయి, కాసేపు ఆగాను.