చూడనని టిక్ పెట్టిన

నన్ను నేనే పొగుడుకుంటూ ఒక పేజీ రాసుకొని రమ్మన్నాడు కిషన్‌రావు సార్. తను సంతకం పెడతాడట! నాకు ఒళ్లు మండిపోయింది.

నేను అడిగిందేమిటి? పబ్లిక్ పాలసీలో ఎంఏకు దరఖాస్తు పెడుతున్నాను, డిగ్రీలో మూడేళ్లు పాఠం చెప్పిన ప్రొఫెసర్‌గా మీరు సిఫారసు లేఖ ఇవ్వండి అని. అదీ ఊరికే నోటిమాటగా అడగలేదు. ఏమేం చదివానో, దేని మీద పరిశోధన చేయాలనుకుంటున్నానో వారం రోజులు కుస్తీ పట్టి ఇంగ్లీషులో ఒక పేజీ ఉత్తరం రాశాను. మార్కుల మెమోలు, ప్రాజెక్టు కాపీ జతచేసి మరీ ఇచ్చాను. ఆయన దాన్ని రెండుగా మడిచి సొరుగులో పడేశాడు.

"జగదీశ్ దగ్గర నమూనా ఉన్నది. పేరు మార్చుకొని తీస్కరా బిడ్డా. యూనివర్సిటీ లింకు నా మెయిలుకు వస్తది గదా, నీకే పంపుత. నువ్వే ఎక్కియ్యి" అన్నాడు.

జగదీశ్‌ది చేవెళ్ల బస్టాండు ముందు ఆన్‌లైన్ సెంటరు. ఆ నమూనా చదివితే నేను కాలేజీ కబడ్డీ జట్టు కెప్టెన్‌నని తేలింది. మూడేళ్ల కింద శ్రవణ్ అనే అబ్బాయి కోసం చేసిన కాగితమట.

"అందరికీ గిదే నడుస్తున్నది అక్కా. ఎవ్వలడుగుతరు?" అన్నాడు జగదీశ్.

"నేనడుగుత" అని కాగితం అక్కడే పెట్టి వచ్చేశాను.

నా దరఖాస్తులో ఒక గడి ఉంది. సిఫారసు లేఖ చూసే హక్కు వదులుకుంటున్నాను అని అందులో టిక్ పెట్టాలి. పెట్టకపోయినా తప్పు లేదు. కానీ పెడితే, రాసినవాళ్లు మొహమాటం లేకుండా రాశారని చదివేవాళ్లు నమ్ముతారు. నేను పెట్టాను. చూడనని మాటిచ్చిన లేఖను ఇప్పుడు నేనే రాయాలా? ఇదెక్కడి న్యాయం!

ఎంకపల్లిలో ఇంటికి పోయి చెబితే, బంతిపూలు గంపకెత్తుతున్న అవ్వ నన్నే తప్పుపట్టింది.

"సంతకం పెడ్తనంటున్నడు గదా, రాస్కోరాదే? గడువెప్పటిదాక?"

"ఎల్లుండి సాయంత్రం ఐదింటిదాక."

"మల్ల?"

"నేను రాయ."

"నీ మొండితనం పాడుగాను! ఒక్కటే కాగితంతోని సీటిస్తరా?"

ఇవ్వరు. రెండు లేఖలు లేనిదే దరఖాస్తు తెరిచి కూడా చూడరు. లెక్కల అనంతయ్య సార్ ఒకటి అప్పుడే పంపాడు. రెండోది కిషన్‌రావు సార్‌దే కావాలి. నా ప్రాజెక్టుకు గైడు ఆయనే, వేరే దిక్కు లేదు.

మర్నాడు పొద్దున్నే స్టాఫ్ రూముకు పోయాను. మూలన ఇంగ్లీషు వనిత మేడమ్ పేపర్లు దిద్దుకుంటోంది.

"తెచ్చినవా?" అన్నాడు సార్.

"లేదు సార్. అది నేను రాయ. మీకు ఇష్టం లేకుంటే చెప్పుండ్రి, మీ పేరు తీసేసి ఇంకొకల పేరు పెట్టుకుంట. మీరు లింకు నింపేదాక మార్చుకోవచ్చు."

ఇంకొకరు ఎవరూ లేరు. అయినా అన్నాను.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్ రేణుకా?"

"నా ప్రాజెక్టు దేని మీద సార్?"

"మహిళా సాధికారత" అన్నాడు టక్కున. ఆ మాట ఏ అమ్మాయి ప్రాజెక్టుకైనా సరిపోతుంది.

"కాదు సార్."

వనిత మేడమ్ కలం ఆగింది. సార్ ముఖం ఎర్రబడింది. బల్ల మీద చేత్తో కొట్టాడు.

"ఇంగ్లీషుల రాయాలె గదనే! ఇరవై రెండేండ్లు తెలుగుల పాఠం చెప్పినోన్ని. చదువుత గని, రాయరాదు నాకు. తప్పులు రాసి పంపి నీ సీటు పోగొట్టాల్నా?"

కోపం పోలేదు గానీ, సగం నా మీదికే తిరిగింది. మూడేళ్లు ఆయన దగ్గర తెలుగులో పాఠం విని, ఆయనకు ఇంగ్లీషులో ఉత్తరం రాసిందెవరు? నేనే. గొప్పకు పోయి.

అడగందే అమ్మయినా పెట్టదు. అక్కడే నిలబడి యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసుకు ఫోను చేశాను, అందరికీ వినపడేలా. లేఖ ఏ భాషలో ఉన్నా సరేనంది అవతలామె. ఇంగ్లీషు అనువాదం జతచేయాలి, అది అభ్యర్థి చేయకూడదు, రెండూ లేఖ రాసినవారే ఎక్కించాలి అంది.

"అనువాదం నేను చేస్త. ఆ కబడ్డీ కాగితం చూసి చూసి నాకు యాష్టకొచ్చింది" అంది వనిత మేడమ్.

నేను ఒక తెల్లకాగితం అడుక్కొని, బెంచీ మీద కూర్చొని మళ్లీ రాశాను. ఈసారి తెలుగులో.

"కిషన్‌రావు సార్‌కు నమస్కారం. మీ దగ్గర భారత రాజ్యాంగం, ప్రభుత్వ పాలన, స్థానిక సంస్థల పేపర్లు చదివాను. అనంతయ్య సార్ దగ్గర గణాంకశాస్త్రం ఒకసారి తప్పి, మళ్లీ రాసి పాసయ్యాను. అది దాచను. ప్రాజెక్టు కోసం చేవెళ్ల, మొయినాబాద్‌ల నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలగంపలతో పోయే అరవై రెండు మంది ఆడవాళ్లను కలిశాను. ఉచిత బస్సు వచ్చాక కూడా వాళ్లలో నలభై ఒక్కరు ఆటోకే కిరాయి కడుతున్నారు. కిక్కిరిసిన బస్సులో మనిషి ఎలాగో ఎక్కుతుంది, గంప ఎక్కదు. పథకం రాసేవాళ్లు గంపను ఎందుకు మరిచిపోతారు? నేను చదవాలనుకుంటున్నది ఇదే. నన్ను క్లాసులో ఎలా చూశారో అలాగే రాయండి, లోపాలతో సహా."

సార్ రెండుసార్లు చదివాడు.

"నలభై ఒక్కరా! షాబాద్ల మా చెల్లె గూడ ఆటోలనే పోతది." కళ్లద్దాలు తీశాడు. "ఈ అరవై రెండు మంది నీకు యాడ దొరికిన్రు?"

"తెల్లారి బస్టాండ్ల కాడ, ఆటోల కాడ సార్."

"మరి పూలమ్ముడే బంద్ వెట్టి ఇంటికాడ కూసున్నోళ్లు? వాళ్లను ఎవరడగాలె?"

వాళ్లను నేను కలవనే లేదు. గైడుగా ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. ఉడుక్కున్నాను, సంతోషమూ వేసింది. మూడేళ్లు ఎక్కడ దాచావయ్యా ఈ ప్రశ్నను అని అడగాలనిపించింది.

గడువు రోజు మధ్యాహ్నం మూడింటికి పిలిచాడు. చేత్తో రాసిన రెండు పేజీలు నా ముందుకు చాపాడు.

"సదువు. ఎట్లున్నదో చెప్పు."

చెయ్యి ముందుకు పోబోయింది. వెనక్కి లాక్కున్నాను.

"చూడ సార్."

"ఎవ్వలు చూస్తలేరు గదా!"

"టిక్ పెట్టిన సార్."

గోడవైపు తిరిగి టైంటేబులు చదువుతూ నిలబడ్డాను. వెనక వనిత మేడమ్ టైపు చేస్తోంది. మధ్యలో ఒకసారి ఫక్కున నవ్వింది. ఇంకోసారి "ఇది గూడ రాయాల్నా సార్?" అంది.

"రాయుండ్రి. ఉన్నదే గదా" అన్నాడాయన.

నా చెవులు వేడెక్కాయి. అయినా తల తిప్పలేదు. లింకు తెరిచి, ప్రశ్నలన్నీ సార్ తనే నింపి, ఒక్క వేలితో బటన్ నొక్కాడు. నాలుగూ నలభైకి, రెండో లేఖ అందిందని నా ఫోనుకు కబురు వచ్చింది.

ఇంటికి పోయేసరికి అవ్వ గుమ్మంలోనే ఉంది.

"ఏం రాసిండే?"

"తెల్వది."

"గింత లొల్లి వెట్టుకొని, ఏం రాసిండో తెల్వదా?"

"తెల్వదే అవ్వా. తిట్టిండో, మెచ్చుకున్నడో. రాసింది మాత్రం ఆయననే."