పెళ్లికొడుకు వీపు

పెళ్లి జరిగినంతసేపూ పెళ్లికొడుకు పొరపాటున కూడా నవ్వలేదు. గంటల కొద్దీ ఫుటేజీ తిరగేశాక ఎడిటరమ్మకు తేలింది ఇదే. పెళ్లికూతురు హాల్లో అడుగుపెట్టినప్పుడైతే ఆ మహానుభావుడు ఏకంగా వెనక్కి తిరిగి గోడను చూస్తూ నిలబడ్డాడు.

“మీరేం చేస్తున్నారండీ అప్పుడు?” అని మొగుణ్ణి నిలదీసింది. కెమెరా పట్టింది ఆయనే మరి.

“వీపు తీస్తున్నా. అతను మొహం చూపిస్తే మొహమే తీసేవాణ్ణి.”

ఐదు నిమిషాల హైలైట్‌కి ప్రాణమంతా ఆ ఘట్టమే. పాట నెమ్మదిగా మొదలై, పెళ్లికూతురు గుమ్మంలో కనబడగానే దరువు అందుకుంటుంది. ఆ దరువు మీద పెళ్లికొడుకు మొహం పడాలి. వీపు పడితే ఏం బాగుంటుంది, నా మొహం! ఎడిటరమ్మ ఆ క్లిప్పును పక్కన పడేసి, భోజనాల దగ్గర అతను ఐస్‌క్రీం చూసి నవ్విన ముక్కను కోసి తెచ్చి అక్కడ అతికించింది. అతుకు తెలియకుండా రంగులు కూడా కలిపేసింది. బ్రహ్మాండంగా కుదిరింది.

మర్నాడు పెళ్లికూతురు ఒక్కతే వచ్చింది. “అక్కా, నేను హాల్లోకి వచ్చిన ఆ ఒక్క ముక్క చూపించండి చాలు. నేను తల వంచుకుని నడిచా, ఆయన మొహం చూడలేదు. ఇష్టం లేకుండానే చేసుకున్నాడని మా ఆడపడుచు దెప్పుతోంది.”

దరువు పడింది, నవ్వు పడింది. ఆ పిల్ల మొహం చేటంత అయింది. మళ్లీ వేయించుకుంది. రెండోసారి మొహం చిన్నబోయింది.

“కోటు జేబుకి గులాబీ ఏదక్కా? ఫొటోలన్నీ అయ్యాకే కదా నేను దాన్ని తీసి జడలో పెట్టుకుంది. మరి ఇది ఎప్పటి నవ్వు? ఎవర్ని చూసి?”

“ఐస్‌క్రీంని చూసి,” అంది ఎడిటరమ్మ గొంతు తగ్గించి. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

ఆ పిల్ల కళ్లు నిండాయి. ఇక దాచి లాభం లేదని ఎడిటరమ్మ పడేసిన క్లిప్పు తెరిచింది. మొహం లేని క్లిప్పును రెండు క్షణాలు చూసి వదిలేయడం ఆమెకు అలవాటు. ఈసారి చివరిదాకా నడవనిచ్చింది.

వీపు కదులుతోంది. పెళ్లికొడుకు పక్కనున్న స్నేహితుడి చేతిని లాక్కుని, వాడి చొక్కాకే కళ్లు తుడుచుకున్నాడు. ధైర్యం చేసి ఇటు తిరిగాడు. పెళ్లికూతుర్ని చూశాడో లేదో మళ్లీ బావురుమని గోడవైపు తిరిగిపోయాడు.

“ఓహో, ఏడుస్తున్నాడా? జలుబేమో అనుకున్నా,” అన్నాడు వెనకనుంచి కెమెరామన్.

ఎడిటరమ్మ ఐస్‌క్రీం నవ్వు తీసేసింది. పెళ్లికూతురు గుమ్మంలోకి రాగానే పాట ఆపేసి, వీపు షాట్‌ను ఎక్కడా కత్తిరించకుండా మొత్తం ఉంచింది. అతను ఇటు తిరిగినప్పుడే పాట మళ్లీ అందుకుంది. పెళ్లికూతురు ఏడుస్తూ నవ్వుతూ ఆ వీడియోను అక్కడికక్కడే మొగుడికి పంపింది.

వెంటనే ఫోన్ మోగింది. “అది తీసేయించు, పరువు పోతుంది!”

“పోనివ్వండి. ముందు మీ అక్కకే చూపిస్తా,” అంది పెళ్లికూతురు.